మూడు దేశాల బ్యాక్‌ప్యాకింగ్ ట్రిప్‌కి రోజువారీ బడ్జెట్ ఎలా వేసుకోవాలి?

థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం వైపు బ్యాగు తగిలించుకుని వెళ్దామనుకునే వాళ్లు మొదట వెతికేది ఒక్కటే అంకె: రోజుకు ఎంత? వీడియోల్లో "రోజుకు 1,500 చాలు" అని చెప్పేవాళ్లు బోలెడు మంది కనిపిస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మంచం, తిండి, ఊళ్లో తిరుగుడు వరకే లెక్కేసి చెబుతున్నారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారడానికి అయ్యే ఖర్చు ఆ అంకెలో ఉండదు. ట్రిప్ మధ్యలో డబ్బులు అయిపోయేది ఎక్కువగా అక్కడే.

కాబట్టి ఒకే అంకె వెతకడం మానేసి, లెక్కను ముక్కలుగా వేద్దాం. ఉదాహరణకు 30 రోజుల ట్రిప్ తీసుకుందాం. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి విమానం. బ్యాంకాక్, చియాంగ్ మై చూసుకుని ఉత్తరాన చియాంగ్ ఖోంగ్ దగ్గర మెకాంగ్ నది దాటి లావోస్. అక్కడి నుంచి పడవలో లువాంగ్ ప్రబాంగ్, తర్వాత వాంగ్ వియెంగ్, వియెంటియాన్. అటు నుంచి హనోయ్, నిన్ బిన్, హ్యూ, హోయ్ ఆన్, చివరికి హో చి మిన్ సిటీ. తిరుగు విమానం అక్కడి నుంచే. థాయ్‌లాండ్‌లో 10 రోజులు, లావోస్‌లో 8, వియత్నాంలో 12.

ఈ లెక్కలో నేను పెట్టుకున్న మారకం రేట్లు ఇవి: డాలరు 88 రూపాయలు, థాయ్ బాత్ 2 రూపాయల 70 పైసలు, లక్ష వియత్నాం డాంగ్ 335 రూపాయలు, పదివేల లావో కిప్ 41 రూపాయలు. మీరు వెళ్లే నాటికి రేట్లూ ధరలూ మారతాయి. అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే ఉంచుకోండి.

మొదటి పని: కదలకుండా ఉన్న రోజుకు ఎంత?

ఏ టూరూ లేకుండా, ఊరు మారకుండా ఒకే చోట ఉన్న మామూలు రోజును ఊహించుకోండి. దాని ఖర్చును ఒక్కో దేశానికి విడిగా, ఆ దేశం డబ్బుల్లోనే రాసుకోండి. రూపాయల్లోకి చివర్లో మార్చండి. అక్కడికి వెళ్లాక మీ కంటికి కనిపించేవన్నీ బాత్‌లూ డాంగ్‌లే కదా, పోల్చుకోవడం తేలికవుతుంది.

మంచం ధర కోసం హోటల్ బుకింగ్ యాప్‌లో మీ అసలు తేదీలు పెట్టి వెతకండి. రేటింగ్ పదికి 8 కంటే తక్కువ ఉన్నవి తీసేయండి. మిగిలిన వాటిలో అన్నిటికంటే చవకదాన్ని కాకుండా నాలుగో అయిదో దాన్ని రాసుకోండి. అడుగున ఉన్న మంచం ఎప్పుడూ దొరకదు. దొరికినా ఏసీ రాత్రిపూట మాత్రమే వేస్తారు, లేదా ఊరికి దూరంగా ఉండి మిగిలిందంతా ఆటోలకే పోతుంది. ఇద్దరు కలిసి వెళ్తుంటే డార్మ్‌లో, అంటే చాలామంది కలిసి పడుకునే హాస్టల్ గదిలో, రెండు మంచాల ధరకే చాలాచోట్ల చిన్న గది వచ్చేస్తుంది, అదీ చూడండి.

థాయ్‌లాండ్‌కి నా లెక్క: డార్మ్‌లో మంచం 320 బాత్, తిండి 280, సిటీ బస్సు, మెట్రో, సాంగ్‌తేవ్ అనే షేర్ వ్యాన్‌లకు 100, నీళ్లూ బట్టలుతికించడం లాంటి చిల్లర 80. మొత్తం 780 బాత్, అంటే దాదాపు 2,100 రూపాయలు.

లావోస్‌లో మంచం లక్షా యాభై వేల కిప్, తిండికీ అంతే, సైకిలు అద్దెకో టుక్‌టుక్‌కో యాభై వేలు, చిల్లరకి యాభై వేలు. నాలుగు లక్షల కిప్ అంటే కంగారు పడకండి, 1,650 రూపాయలే.

వియత్నాంలో మంచం 1,70,000 డాంగ్, తిండి 1,80,000, బైక్ ట్యాక్సీలకు 60,000, చిల్లర 40,000. మొత్తం నాలుగున్నర లక్షల డాంగ్. రూపాయల్లో 1,500.

తిండి దగ్గర మనవాళ్లు ఎక్కువగా తప్పుతారు, అందుకే కొంచెం ఆగుదాం. పై లెక్క రోడ్డు పక్క బండి మీదా చిన్న హోటళ్లలోనూ తినేవాళ్లది. మీరు శాకాహారులైతే థాయ్ కూరల్లో నామ్ ప్లా, వియత్నాం కూరల్లో నువొక్ మామ్ అనే చేపల సాస్ దాదాపు అన్నిట్లోనూ పడుతుంది. "మాంసం వద్దు" అని చెప్పినా అది ఆగదు. థాయ్‌లాండ్‌లో "జే" అని రాసిన పసుపు జెండా ఉన్న కొట్లు, వియత్నాంలో "చాయ్" అని బోర్డున్న హోటళ్లు పూర్తి శాకాహారానివి, ధరలూ మామూలే. వియత్నాంలో బౌద్ధులు చాలామంది చాంద్రమాసం మొదటి రోజు, పదిహేనో రోజు శాకాహారమే తింటారు, ఆ రోజుల్లో ఇవి ఇంకా తేలికగా దొరుకుతాయి. అయితే వారం గడిచేసరికి పప్పన్నం మీదకి మనసు పోతుంది. ఇండియన్ రెస్టారెంట్‌లో కూర, అన్నం, రెండు రొట్టెలు తింటే స్థానిక భోజనానికి రెండు మూడింతలు అవుతుంది. తినొద్దని చెప్పను, నేనూ తింటాను. వారానికి రెండుసార్లు తింటారనుకుని ముందే లెక్కలో కలపండి. పైన వేసిన తిండి డబ్బుల్లో ఆ రెండు పూటలకు చోటుంచాను. ఆవకాయ తీసుకెళ్లేవాళ్లు చెక్ ఇన్ బ్యాగులో పెట్టండి. చేతి బ్యాగులో నూనె ఉన్న పచ్చడి సెక్యూరిటీ దగ్గర ఆగిపోవచ్చు.

ఇప్పుడు రోజులతో గుణించండి. థాయ్‌లాండ్ 21,000, లావోస్ 13,200, వియత్నాం 18,000. కూడితే 52,200. ముప్పై రోజులకు భాగిస్తే రోజుకు 1,740. వీడియోల్లో చెప్పే అంకె ఇలాంటిదే.

రెండో పని: ఊరు మారే ప్రతిసారీ ఒక గీత

కాగితం మీద మీ దారి గీసుకుని, ఊరు మారే ప్రతిచోటా ఒక వరుస రాయండి. టికెట్ ధర ఒక్కటే రాస్తే సరిపోదు. హాస్టల్ నుంచి స్టేషన్‌కి, అవతల స్టేషన్ నుంచి కొత్త హాస్టల్‌కి అయ్యేది కూడా కలపాలి. లువాంగ్ ప్రబాంగ్‌లో రైల్వే స్టేషన్ ఊరికి దూరంగా ఉంటుంది, కాబట్టి రైలు టికెట్‌తో పాటు రెండు వ్యాన్ ప్రయాణాలూ మీ ఖాతాలోకే వస్తాయి.

మన దారిలో నేను వేసుకున్నవి చూడండి. బ్యాంకాక్ నుంచి చియాంగ్ మైకి రాత్రి రైల్లో స్లీపర్ 2,600 రూపాయలు. చియాంగ్ మై నుంచి బస్సులో చియాంగ్ ఖోంగ్, అక్కడ వంతెన దాటి లావోస్ వైపు హువే సాయ్ వరకు 1,200. హువే సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి నెమ్మది పడవ, రేవుకి వెళ్లే టుక్‌టుక్‌తో కలిపి 2,000. అది రెండు రోజుల ప్రయాణం, మధ్యలో రాత్రి పాక్‌బెంగ్ అనే ఊళ్లో ఆగుతుంది. పడవలో అమ్మే తిండి ధర ఎక్కువ, హువే సాయ్‌లోనే శాండ్‌విచ్‌లూ పళ్లూ కొనుక్కుని ఎక్కండి. లువాంగ్ ప్రబాంగ్ నుంచి వాంగ్ వియెంగ్, అక్కడి నుంచి వియెంటియాన్‌కి 2021 డిసెంబరులో మొదలైన కొత్త రైలు ఉంది. రెండు టికెట్లూ వ్యాన్‌లూ కలిపి 2,300.

వియెంటియాన్ నుంచి హనోయ్ దగ్గర ఆగి ఆలోచించాలి. బస్సు అయితే 3,500 దాకా, కానీ దాదాపు ఇరవై నాలుగు గంటలు. తెల్లవారుజామున సరిహద్దు తెరిచేదాకా బస్సు ఆగిపోతుంది, మీరు సంచులతో దిగి నిలబడాలి. విమానం అయితే దానికి రెండింతలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. బస్సు వల్ల ఒక రాత్రి మంచం మిగులుతుంది, అయితే మర్నాడు హనోయ్‌లో పడుకునే ఉంటారు, అంటే ఆ రోజు ఖర్చు పెట్టి కూడా చూసింది ఏమీ ఉండదు. నడుం నొప్పి ఉన్నవాళ్లకి నేను విమానమే చెబుతాను. ఇక్కడ లెక్క కోసం బస్సే వేశాను.

వియత్నాంలో హనోయ్ నుంచి హో చి మిన్ సిటీ దాకా రైలు మార్గం పొడవు 1,726 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ముక్కలుగా, ఒకచోట స్లీపర్ బస్సులో, ఒకచోట రాత్రి రైల్లో దాటితే మొత్తం 18 లక్షల డాంగ్, అంటే 6,000 రూపాయలు. రెండు ఎయిర్‌పోర్టుల రాకపోకలకి ఇంకో 1,000 వేయండి.

అన్నీ కలిపితే 18,600. రోజుకు 620 చొప్పున పెరిగింది. రాత్రి ప్రయాణాల్లో నాలుగు మంచాలు మిగులుతాయి కదా అని ఆ డబ్బులు తీసేయకండి. పొద్దున ఆరింటికి కొత్త ఊళ్లో దిగితే మధ్యాహ్నం రెండింటి దాకా గది ఇవ్వరు. ఎక్కడో కాఫీ షాపులో కూర్చుంటారు, టిఫిన్ తింటారు, సామాను పెట్టుకోవడానికి డబ్బులు కడతారు. మిగిలిందనుకున్నది అక్కడికి సరిపోతుంది.

మూడో పని: దీనికోసమే వచ్చాం అనేవి

ప్రతి దేశంలో ఇవి చూడకుండా రాను అనిపించేవి రెండు మూడు రాసుకుని అసలు టికెట్ ధర వెతకండి. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌కి విదేశీయులకు 500 బాత్. చియాంగ్ మైలో వంట క్లాసుకో మరోదానికో వెయ్యి బాత్ వేశాను. లావోస్‌లో జలపాతాలు, వాంగ్ వియెంగ్ నది ఆటలు కలిపి 1,800 రూపాయలు. వియత్నాంలో నిన్ బిన్ దగ్గర ట్రాంగ్ ఆన్ పడవకు 2,50,000 డాంగ్, హ్యూ కోటకు 2,00,000, హోయ్ ఆన్ పాత ఊరి టికెట్ 1,20,000, హా లాంగ్ బే ఒక రోజు టూరుకు 12 లక్షలు. రూపాయల్లోకి మారిస్తే మూడు దేశాలకీ కలిపి దాదాపు 11,750.

ఇవి రోజువారీ ఖర్చులో కలిపేయకుండా విడిగా ఉంచడానికి కారణం ఉంది. కలిపేస్తే హా లాంగ్ బే వెళ్లిన రోజు ఖర్చు చూసి టెన్షన్ పడతారు, ఖాళీగా ఉన్న రోజు చూసి డబ్బు మిగిలిందని ఇంకేదో కొంటారు. రెండూ తప్పుడు లెక్కలే.

ఇప్పుడు కూడండి, తర్వాత దారిని పరీక్షించండి

52,200, 18,600, 11,750 కలిపితే 82,550. దీని మీద పది శాతం వేయండి. జ్వరం రావచ్చు, చెప్పులు తెగిపోవచ్చు, వర్షానికి బస్సు తప్పితే ట్యాక్సీ ఎక్కాల్సి రావచ్చు. మొత్తం దాదాపు 90,800 అవుతుంది. ముప్పైతో భాగిస్తే రోజుకు 3,000 పైచిలుకు. 1,740 అనుకుని బయల్దేరినవాడు పద్దెనిమిదో రోజు దగ్గరే ఇంటికి ఫోన్ చేస్తాడు.

ఇదే దారిని సెలవు దొరక్క 18 రోజుల్లో చుట్టేస్తే? థాయ్‌లాండ్ 6, లావోస్ 5, వియత్నాం 7 అనుకోండి. కదలని రోజుల ఖర్చు 31,350కి తగ్గుతుంది. కానీ ఊళ్లు మారే ఖర్చు అదే 18,600, టికెట్లు అవే 11,750. మొత్తం 61,700. పన్నెండు రోజులు తగ్గిస్తే తగ్గింది 20,850 మాత్రమే, పది శాతం వేయకముందు రోజు సగటు 2,750 నుంచి 3,430కి ఎక్కింది. సెలవు తక్కువైతే రోజులతో పాటు ఊళ్లు కూడా తగ్గించండి. అంతకంటే మంచి పొదుపు ఇంకోటి లేదు. మంచం దగ్గర యాభై బాత్ మిగల్చడానికి గంటసేపు యాప్ వెతికేవాళ్లు, ఊరికే "పక్కనే ఉంది కదా" అని ఇంకో ఊరు కలుపుకుని వేలు పోగొట్టుకోవడం తరచూ చూస్తాం.

చవక దేశం అనే మాటను కూడా ఇలాగే పరీక్షించాలి. లావోస్‌లో రోజుకు 1,650 అన్నాం. కానీ లావోస్‌లోకి వెళ్లి, దాటి, బయటికి రావడానికి సరిహద్దు దాకా బస్సు, పడవ, రైళ్లు, హనోయ్ బస్సు, వీసా కలిపితే 12,500 దాటుతుంది. ఎనిమిది రోజులకు పంచితే రోజుకు 1,560. అంటే లావోస్‌లో ఒక రోజు నిజంగా 3,200 పడుతోంది, థాయ్‌లాండ్ మామూలు రోజు కంటే ఎక్కువ. లావోస్ మానేయమని కాదు, మెకాంగ్ మీద ఆ రెండు రోజుల పడవ కోసమే చాలామంది వెళ్తారు. చవక అని మాత్రం కలుపుకోకండి. వెళ్తే పదీ పన్నెండు రోజులు ఉండండి, అప్పుడు ఆ 12,500 పలచబడుతుంది.

బయల్దేరక ముందే అయ్యేవి

ఇవి రోజు లెక్కలోకి తేవద్దు, విడిగా పెట్టండి. వెళ్లేది ఒక ఊరికి, వచ్చేది ఇంకో ఊరి నుంచి కాబట్టి విమానాలకు 22,000 వేశాను, ముందుగా కొంటే తగ్గవచ్చు. వియత్నాం ఇ వీసా ఒక ప్రవేశానికి 25 డాలర్లు. దరఖాస్తులో ఏ సరిహద్దు నుంచి వస్తారో అడుగుతుంది. మీ బస్సు ఏ చెక్‌పోస్టు మీదుగా వెళ్తుందో ముందే కనుక్కుని అదే రాయండి, లేకపోతే సరిహద్దులో ఆపేస్తారు. లావోస్ వీసా సరిహద్దులోనే ఇస్తారు, సుమారు 40 డాలర్లు. మడతలు, గీతలు లేని డాలరు నోట్లు, రెండు ఫొటోలు ఉంచుకోండి. రెండు వీసాలకూ కలిపి 5,720 రూపాయలు. థాయ్‌లాండ్ మన పాస్‌పోర్ట్‌కి వీసా లేకుండా రానిస్తుందనుకుని లెక్క వేశాను కానీ ఆ నిబంధన మారుతూ ఉంటుంది, టికెట్ కొనే ముందు చూసుకోండి. అక్కడికి వెళ్లే ముందు నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు ఉచితం. దానికి డబ్బులడిగే వెబ్‌సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదు.

ఇన్సూరెన్స్ 2,000, మూడు దేశాల సిమ్‌లకు 1,800.

డబ్బు తీసుకోవడానికే అయ్యే ఖర్చు ఒకటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. థాయ్‌లాండ్ ఏటీఎంలు విదేశీ కార్డు మీద ఒక్కోసారికి 220 బాత్ లేదా అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి. 2,000 బాత్ తీస్తే అది 11 శాతం. 10,000 తీస్తే 2 శాతం పైన. కాబట్టి తక్కువసార్లు, ఎక్కువ మొత్తం తీయండి. దాని మీద మన బ్యాంకు మారకం చార్జీ, ఆ చార్జీ మీద జీఎస్టీ. డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డుతో బాత్‌లో ఖర్చు పెడితే ఒక కరెన్సీని ఇంకోదానిలోకి మార్చినందుకు క్రాస్ కరెన్సీ చార్జీ పడుతుంది, కార్డు తీసుకునేటప్పుడే అది ఎంతో అడగండి. ఏటీఎం తెర మీద "రూపాయల్లో చార్జ్ చేయమంటారా" అని అడిగితే వద్దు అని నొక్కండి, ఆ రేటు మీకు నష్టమే. ఈ చార్జీలన్నిటికీ మూడు శాతం, అంటే 2,700 వేశాను.

మొత్తం ఇవి 34,200. పైన వచ్చిన 90,800తో కలిపితే ట్రిప్‌కి 1,25,000. తేదీల విషయంలో ఒక్క మాట: ఏప్రిల్ మధ్యలో థాయ్ సోంగ్‌క్రాన్, జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకు వచ్చే వియత్నాం టెట్ పండగ రోజుల్లో బస్సులూ రైళ్లూ నిండిపోతాయి, టెట్ సమయంలో చాలా హోటళ్లు మూసేస్తారు. ఆ వారాలు పడితే పై అంకెలు పనికిరావు.

దారిలో లెక్క సరిచూసుకోవడం

రోజూ పడుకునే ముందు ఫోన్‌లో ఆ రోజు మొత్తం ఒక్క అంకె రాయండి. ప్రతి టీకీ పద్దు రాయాలని పెట్టుకుంటే మూడో రోజే మానేస్తారు. ఊరు మారిన ఖర్చు, పెద్ద టికెట్లు మాత్రం పక్కన వేరుగా రాయండి. మొదటి రెండు మూడు రోజులు ఎక్కువే అవుతుంది, ధరలు తెలియవు, దొరికిన ట్యాక్సీ ఎక్కేస్తాం. అప్పుడే కంగారు పడి తిండి తగ్గించుకోవద్దు.

అసలు లెక్క దేశం దాటేటప్పుడు చూడాలి. మన ఉదాహరణలో థాయ్‌లాండ్ వాటా మూడు ముక్కలూ కలిపి దాదాపు 29,000. చియాంగ్ ఖోంగ్ చేరేసరికి 33,000 అయిందనుకోండి. నాలుగు వేలు ఎక్కువ, ఇంకా ఇరవై రోజులున్నాయి. రోజుకు 200 తగ్గించాలన్నమాట. లావోస్ తిండిలో 200 తగ్గిస్తే సగం కడుపే. అందుకని ఎక్కడ పెరిగిందో చూడండి. పక్కన రాసిన వరుసల్లో పెరిగితే, అంటే ట్యాక్సీలు, టూర్లు అయితే, ముందున్న వాటిలో ఒకటి కొట్టేయండి. వాంగ్ వియెంగ్‌లో దిగకుండా నేరుగా వియెంటియాన్ వెళ్తే రెండు వ్యాన్‌లు, నది ఆటలు మిగులుతాయి. మిగతాది హా లాంగ్ బే టూరులో తక్కువ ధర ఉన్నది చూసుకుంటే సర్దుకుంటుంది. కదలని రోజు ఖర్చే పెరిగితే మాత్రం మీ మొదటి అంచనా తప్పు, వియత్నాం రోజు ఖర్చు కూడా అదే నిష్పత్తిలో పెంచి మళ్లీ కూడుకోండి.

లావోస్ దాటే ముందు రోజు చేతిలో ఉన్న కిప్‌లు లెక్కపెట్టుకోండి. సరిహద్దు దాటాక వాటిని మార్చుకోవడం కష్టం. ఆ రోజు హాస్టల్ బిల్లు, బస్సులోకి నీళ్లు, రొట్టెలు ఆ కిప్‌లతోనే కట్టేసి, వియత్నాంలో డాంగ్ ఏటీఎం నుంచి తీసుకోండి.